మీ సిప్ స్టేట్‌మెంట్‌ను వరుస వరుసగా చదవడం: యూనిట్లు, ఆ రోజు ధర, పెట్టిన మొత్తం

జూలై మొదటి వారంలో తెనాలి నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. "ఒరేయ్, నేను నెలకి సరిగ్గా ఐదు వేలు కడుతున్నాను. ఈ కాగితంలో 4,999 రూపాయల 75 పైసలు అని ఉంది. నా పావలా ఏమైంది?" అని అడిగింది. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే వాయిదా, అంటే సిప్, ఆరు నెలలుగా కడుతున్నా స్టేట్‌మెంట్ తెరిచి చూడటం ఆమెకు అదే మొదటిసారి. పావలా దగ్గర మొదలైన మాట గంటన్నర నడిచింది. ఆ మధ్యాహ్నం ఫోన్లో ఆమెకు చెప్పినదాన్నే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఫండ్ పేరు చెప్పను. ధరలను కూడా లెక్క తేలిగ్గా ఉండేలా కాస్త సరిచేశాను. తేదీలు మాత్రం 2025 క్యాలెండర్‌లో ఉన్నవే.

ముందు సరైన స్టేట్‌మెంట్ తెప్పించుకోండి

యాప్‌లో కనిపించే పచ్చ, ఎర్ర అంకెలు స్టేట్‌మెంట్ కాదు. మీకు కావలసింది ప్రతి లావాదేవీ ఒక్కో వరుసలో ఉండే పీడీఎఫ్. మన దేశంలో మ్యూచువల్ ఫండ్ల ఖాతాలను దాదాపుగా రెండు రిజిస్ట్రార్ సంస్థలే రాస్తాయి. ఒకటి చెన్నైలోని క్యామ్స్, రెండోది మన హైదరాబాద్‌లోని కేఫిన్‌టెక్. ఈ రెండింటి దగ్గరా ఉన్న మీ ఫండ్లన్నిటినీ కలిపి ఇచ్చే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్‌ను క్యామ్స్ వెబ్‌సైట్లోనో ఎంఎఫ్ సెంట్రల్‌లోనో ఉచితంగా అడగవచ్చు. ఫండ్‌లో నమోదైన ఈమెయిల్ ఇస్తే అక్కడికే పంపుతారు.

అడిగేటప్పుడు రెండు విషయాలు చూసుకోవాలి. `Summary`, `Detailed` అని రెండు రకాలు చూపిస్తుంది. `Detailed` ఎంచుకోండి, ఎందుకంటే `Summary`లో చివరి మొత్తాలే ఉంటాయి, తేదీల వారీ ధరలు ఉండవు. రెండోది కాలవ్యవధి. మీరు మొట్టమొదటి వాయిదా కట్టిన రోజు కంటే ముందు తేదీ నుంచి అడగండి. పిన్ని మొదట ఏప్రిల్ నుంచి జూన్ వరకు తెప్పించుకుంది. అందులో పైన `Opening Unit Balance` 258.619 అని ఉండేసరికి, "నేను కొనకుండా ఇవెక్కడివి?" అని కంగారుపడింది. అవి జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆమె కొన్న యూనిట్లే. మీరు అడిగిన తేదీకి ముందు ఉన్న నిల్వను అలా ఒక్క అంకెగా చూపిస్తారు. మొదటి నుంచి అడిగితే అక్కడ సున్నా ఉంటుంది, లెక్క మొదలుపెట్టడం సులువవుతుంది.

పేరు, ఫోలియో దగ్గర ఒక్క నిమిషం

పైభాగంలో ఫోలియో నంబర్ ఉంటుంది. ఒక ఫండ్ సంస్థ దగ్గర అది మీ ఖాతా నంబర్ లాంటిది. ఒకే ఫండ్‌ను ఒకసారి బ్యాంకు ద్వారా, మరోసారి యాప్ ద్వారా మొదలుపెట్టినవాళ్లకు రెండు ఫోలియోలు ఉండవచ్చు. అప్పుడు ఒక ఫోలియో మాత్రమే చూసి "డబ్బు తగ్గింది" అనుకుంటారు. స్కీమ్ పేరు చివరిదాకా చదవండి. `Direct` ఉందో `Regular` ఉందో, `Growth` ఉందో `IDCW` ఉందో అక్కడే తెలుస్తుంది. `Direct` అంటే ఏజెంటు లేకుండా సూటిగా కొన్నది, `Regular` అంటే ఏజెంటు ద్వారా కొన్నది. `Growth`లో లాభం ఫండ్‌లోనే ఉండిపోతుంది, `IDCW`లో అప్పుడప్పుడు కొంత పంచుతారు. ఒకే ఫండ్‌కు డైరెక్ట్, రెగ్యులర్ ప్లాన్ల ధరలు వేరువేరుగా ఉంటాయి. స్టేట్‌మెంట్లోని ధరను ఎక్కడో చూసిన ధరతో పోల్చి తేడా ఉందని గాబరాపడేవాళ్లలో చాలామంది తప్పు ప్లాన్ ధర చూసినవాళ్లే.

అసలు పట్టిక

పిన్ని స్టేట్‌మెంట్లోని వరుసలు ఇవి. ప్రతి వాయిదా కింద స్టాంప్ డ్యూటీ వరుస విడిగా వస్తుంది. చోటు కోసం ఇక్కడ ఒక్కసారే చూపించాను.

```
Date         Amount    Units    Price    Unit Balance
06-Jan-2025  4,999.75  84.684   59.0400   84.684
06-Jan-2025      0.25  *** Stamp Duty ***
05-Feb-2025  4,999.75  84.398   59.2400  169.082
05-Mar-2025  4,999.75  89.537   55.8400  258.619
07-Apr-2025  4,999.75  90.248   55.4000  348.867
05-May-2025  4,999.75  81.762   61.1500  430.629
06-Jun-2025  4,999.75  79.983   62.5100  510.612
```

పిన్ని పావలా సంగతి రెండో వరుసలోనే ఉంది. 2020 జూలై 1 నుంచి మ్యూచువల్ ఫండ్ యూనిట్లు కొన్న ప్రతిసారీ 0.005 శాతం స్టాంప్ డ్యూటీ పడుతోంది. అంటే లక్షకు ఐదు రూపాయలు, ఐదు వేలకు పావలా. అది ప్రభుత్వానికి వెళ్లే పన్ను. ఫండ్ సంస్థగానీ ఏజెంటుగానీ తీసుకునేది కాదు. ఆ పావలా పోగా మిగిలిన 4,999.75తోనే యూనిట్లు కొంటారు. కాబట్టి లెక్క వేసేటప్పుడు 5,000తో మొదలుపెడితే ఎప్పటికీ సరిపోదు.

యూనిట్లు ఎలా వచ్చాయో మీరే వేసి చూడండి

సూత్రం ఒక్కటే:

```
Units = Amount / Price
```

జనవరి వరుస తీసుకుందాం. ఫోన్లో క్యాలిక్యులేటర్ తెరిచి 4999.75ను 59.04తో భాగించండి. 84.68411 వస్తుంది. యూనిట్లను మూడు దశాంశ స్థానాల వరకే రాస్తారు కాబట్టి 84.684. పట్టికలో ఉన్నదీ అదే. ఏప్రిల్ వరుసలో 4999.75ను 55.40తో భాగిస్తే 90.248. అదీ సరిపోయింది.

పిన్ని దీన్ని తిరగేసి వేసింది. 84.684ను 59.04తో హెచ్చవేస్తే 4,999.74 వచ్చింది. "మళ్ళీ ఒక పైసా తగ్గిందిరా!" అంది. మూడు స్థానాల తర్వాత అంకెలు వదిలేయడం వల్ల వచ్చిన తేడా అది. ఒకటి రెండు పైసల తేడా ఉంటే పట్టించుకోకండి. తేడా రూపాయల్లో ఉంటే మాత్రం ఆగి చూడాలి. ఆ డబ్బులోంచి ఇంకేదో పట్టుకున్నారని అర్థం. పాత స్టేట్‌మెంట్లలో ఏజెంటు ద్వారా కొన్నవాటికి లావాదేవీ చార్జీ అని కొంత పట్టుకున్న వరుసలు కనిపిస్తాయి. ఇలాంటి వరుస ఏది ఉన్నా అది పక్కనే రాసి ఉంటుంది, దాచిపెట్టరు.

ఒక యూనిట్ అంటే ఏమిటని పిన్ని అడిగింది. ఊళ్లో పాల కేంద్రంతో పోల్చి చెప్పాను. నీ దగ్గర ఉన్న డబ్బు మారదు, పాల ధర రోజూ మారుతుంది. ధర తక్కువ ఉన్న రోజు అదే డబ్బుకు పాలు ఎక్కువ వస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో యూనిట్లు ఎక్కువ రావడానికి కారణం అదే. అప్పుడు ధర 55 రూపాయల దగ్గర ఉంది. జూన్‌లో 62 దాటేసరికి 80 యూనిట్లు కూడా రాలేదు. స్టేట్‌మెంట్లో యూనిట్లు తగ్గాయంటే నష్టం వచ్చిందని కాదు, ఆ రోజు ధర ఎక్కువగా ఉందని మాత్రమే. ఈ ఒక్క మాట అర్థమవడానికి పిన్నికి పది నిమిషాలు పట్టింది. మనలో చాలామందికి అంతే పడుతుంది.

తేదీ ఎందుకు కుదరదు

పిన్ని సిప్ తేదీ ప్రతి నెలా 5. పట్టిక చూస్తే 6, 5, 5, 7, 5, 6 అని ఉంది. నేనైతే స్టేట్‌మెంట్లో తప్పకుండా చూసేది ఇదే.

ఈ `Price` అనేది ఆ రోజు ఎన్ఏవీ, అంటే ఆ రోజు చివర లెక్కగట్టిన ఒక్కో యూనిట్ ధర. మార్కెట్ ముగిశాక రాత్రికి దాన్ని ప్రకటిస్తారు. అందుకే కొనే క్షణంలో ధర ఎవరికీ తెలియదు. 2021 ఫిబ్రవరి 1 నుంచి ఉన్న నియమం ప్రకారం, మీ డబ్బు ఫండ్ ఖాతాకు నిజంగా చేరిన రోజు ధరే మీకు వర్తిస్తుంది. మీరు కట్టిన రోజు ధర కాదు. షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్లకైతే మధ్యాహ్నం 3 గంటల లోపు చేరితే ఆ రోజు ధర, దాటితే తర్వాతి పనిదినం ధర. లిక్విడ్ ఫండ్లకు నియమం వేరు.

జనవరి 5 ఆదివారం, కాబట్టి 6న సోమవారం ధర పడింది. ఏప్రిల్ 5 శనివారం. ఆ వాయిదా 7వ తేదీ సోమవారానికి వెళ్లింది. ఆ సోమవారం గుర్తుండే ఉంటుంది, సెన్సెక్స్ ఒక్క రోజులో 2,226 పాయింట్లు పడిపోయింది. అంతకు ముందు శుక్రవారం, ఏప్రిల్ 4న, ఈ ఉదాహరణలో ధర 57.26 అనుకుందాం. ఆ ధరకు కొని ఉంటే 87.316 యూనిట్లు వచ్చేవి. సోమవారం ధర 55.40కి 90.248 వచ్చాయి. దాదాపు మూడు యూనిట్లు ఎక్కువ. సెలవు కలిసొచ్చింది.

జూన్‌లో ఇది తిరగబడింది. 5వ తేదీ గురువారం బ్యాంకులో డబ్బు కట్ అయింది, కానీ స్టేట్‌మెంట్లో 6వ తేదీ ధర పడింది. ఆటో డెబిట్‌లో డబ్బు బ్యాంకు నుంచి బయల్దేరి ఫండ్ ఖాతాకు చేరడానికి ఒక పూట ఆలస్యమైనా ఇలా అవుతుంది. ఆ 6న మార్కెట్ బాగా పెరిగింది కాబట్టి యూనిట్లు కొద్దిగా తగ్గాయి. దీనిమీద గొడవపడే పని లేదు. ఒక రోజు తేడా మామూలే. మధ్యలో యాప్ లేదా ప్లాట్‌ఫామ్ ఉంటే రెండో పనిదినం కూడా కావచ్చు. అదే మధ్యలో సెలవులు లేకుండా నాలుగైదు పనిదినాలు దాటితే, అది కూడా ప్రతి నెలా జరుగుతుంటే అడగాలి.

ధర సరైనదా అన్న అనుమానం వస్తే, ఫండ్ సంస్థల సంఘమైన యాంఫీ వెబ్‌సైట్లో పాత తేదీల ఎన్ఏవీలు దొరుకుతాయి. ఫండ్ పేరు, ప్లాన్, స్టేట్‌మెంట్లో ఉన్న తేదీ ఇచ్చి చూడండి. బ్యాంకులో డబ్బు కట్ అయిన తేదీ కాదు. నాలుగు దశాంశాల దాకా అక్షరాలా కుదరాలి. ఇక్కడ పైసల సర్దుబాటు ఉండదు.

నిల్వను గొలుసులా చూడండి

కుడివైపు చివరి గడి `Unit Balance`. ప్రతి వరుసలో పాత నిల్వకు కొత్త యూనిట్లు కలిపితే కొత్త నిల్వ రావాలి. 84.684కి 84.398 కలిపితే 169.082. దానికి 89.537 కలిపితే 258.619. ఇలా కిందిదాకా వెళ్లి 510.612 దగ్గర ఆగుతుంది. పట్టిక కింద `Closing Unit Balance` అని రాసే అంకె కూడా అదే. ఒక్క చోట గొలుసు తెగినా, మధ్యలో మీరు గమనించని వరుస ఏదో ఉందని అర్థం. ఎక్కువసార్లు అది పేజీ మారిన చోట ఉంటుంది.

బ్రాకెట్లలో ఉన్న అంకెలను తీసివేయాలి, కలపకూడదు. యూనిట్లు అమ్మితేనో వాయిదా రద్దయితేనో అలా రాస్తారు. నక్షత్రాల మధ్య రాసినవి, అంటే `*** SIP Registered ***` లాంటివి, సమాచారం మాత్రమే. వాటికి యూనిట్లు ఉండవు.

మొత్తం ఎంత పెట్టాను?

ఈ చిన్న ప్రశ్నకు స్టేట్‌మెంట్లో సూటిగా జవాబు లేదు. కింద `Total Cost Value` అని ఒక అంకె ఉంటుంది. పిన్ని కాగితంలో అది 29,998.50. ఆరు వాయిదాల 4,999.75ల మొత్తం. బ్యాంకు నుంచి పోయింది మాత్రం 30,000. తేడా రూపాయిన్నర, ఆరు పావలాలు. ఇంతవరకు తేలికే.

చిక్కంతా అమ్మినప్పుడు వస్తుంది. పిన్ని జూన్ 30న 100 యూనిట్లు అమ్మిందనుకుందాం. ముందు కొన్నవి ముందు పోతాయి. అంటే జనవరిలో కొన్న 84.684 యూనిట్లు మొత్తం, ఫిబ్రవరిలో కొన్నవాటిలో 15.316 పోతాయి. జనవరివాటి కొన్న ధర 4,999.75. ఫిబ్రవరివాటిలో 15.316ను 59.24తో హెచ్చవేస్తే 907.32. రెండూ కలిపి 5,907.07. 29,998.50 నుంచి అది తీసేస్తే 24,091.43. అమ్మిన తర్వాత స్టేట్‌మెంట్లో ఖరీదు ఇలా తగ్గి కనిపిస్తుంది. పిన్ని కట్టింది అప్పుడు కూడా 30,000 రూపాయలే. ఆ అంకె చెప్పేది మీ దగ్గర మిగిలిన యూనిట్లను మీరు ఎంతకు కొన్నారన్నదే. మీ జేబులోంచి ఇప్పటిదాకా పోయిన మొత్తం కావాలంటే కొనుగోలు వరుసలన్నీ, స్టాంప్ డ్యూటీ వరుసలతో సహా, మీరే కలుపుకోవాలి.

కలిపేటప్పుడు రెండు రకాల వరుసలను వదిలేయండి. ఒక స్కీమ్ నుంచి ఇంకో స్కీమ్‌కు మార్చుకుంటే కొత్త స్కీమ్‌లో `Switch In` అని కొనుగోలులాగే కనిపిస్తుంది, కానీ అది పాత డబ్బే. అలాగే `IDCW` ప్లాన్‌లో పంపకాన్ని మళ్ళీ పెట్టుబడిగా మార్చుకునే ఎంపిక ఉంటే, మీరు పైసా కట్టకుండానే యూనిట్లు పెరుగుతాయి. ఈ రెండూ కలిపేస్తే ఒకే డబ్బును రెండుసార్లు లెక్కపెట్టినట్టే. పిన్నిది గ్రోత్ ప్లాన్ కాబట్టి ఆమెకు ఈ తలనొప్పి లేదు.

సగటున ఒక్కో యూనిట్ ఎంతకు పడిందో కూడా ఇప్పుడు చూడొచ్చు. 29,998.50ను 510.612తో భాగిస్తే 58.75. పిన్ని ఆరు ధరలూ కలిపి ఆరుతో భాగించింది, 58.86 వచ్చింది. రెండూ ఒకటి కావు. ధర తక్కువ ఉన్న నెలల్లో ఎక్కువ యూనిట్లు కొన్నాం కాబట్టి అసలు సగటు కొంచెం కిందికి వస్తుంది. ఎప్పుడూ మొత్తం డబ్బును మొత్తం యూనిట్లతోనే భాగించాలి.

ఈ రోజు విలువ కావాలంటే చివరి నిల్వను చివరి ధరతో హెచ్చవేయండి. జూన్ 30 ధర 63.79 అనుకుంటే 510.612 యూనిట్ల విలువ 32,571.94. ఖరీదు మీద 2,573.44 ఎక్కువ, శాతంలో 8.58. దీన్ని వార్షిక రాబడి అనుకోవద్దు. జనవరి డబ్బు ఆరు నెలలు పనిచేసింది, జూన్ డబ్బు నెల కూడా కాలేదు.

బ్యాంకు పాస్‌బుక్ పక్కన పెట్టుకోండి

స్టేట్‌మెంట్ ఒక్కటే చూస్తే తెలియనిది ఒకటుంది, రాని వాయిదా. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగొస్తే ఆ నెల వరుసే ఉండదు. లేనిదాన్ని కన్ను పట్టుకోదు. నాకే అలా జరిగింది. జీతం ఆలస్యమైన నెలలో ఒక వాయిదా తప్పింది. బ్యాంకు పట్టిన బౌన్స్ చార్జీ పాస్‌బుక్‌లో ఉంది గానీ ఫండ్ స్టేట్‌మెంట్లో దాని ఊసే లేదు. ఏడాది తర్వాత వాయిదాలు లెక్కపెడితే పన్నెండుకు పదకొండే ఉన్నాయి. అందుకే నేను వరుసల సంఖ్య ముందు లెక్కపెడతాను, ఆ తర్వాతే అంకెలు చూస్తాను.

దీనికి తిరగబడ్డ సందర్భం కూడా ఉంటుంది. బ్యాంకులో డబ్బు కట్ అయింది, స్టేట్‌మెంట్లో వరుస లేదు. ముందు స్టేట్‌మెంట్ తీసిన తేదీ చూడండి. నిన్న కట్ అయిన డబ్బు అందులో ఉండకపోవచ్చు. వారం దాటినా యూనిట్లు రాలేదు, డబ్బూ వెనక్కి రాలేదంటే ఫోలియో నంబర్, కట్ అయిన తేదీ, మొత్తం, పాస్‌బుక్‌లో ఆ వరుస పక్కన ఉన్న రిఫరెన్స్ నంబర్ రాసుకుని ఫండ్ సంస్థకు ఈమెయిల్ పెట్టండి. "డబ్బు ఫండ్ ఖాతాకు ఏ తేదీన చేరింది, ఏ తేదీ ధర వర్తించింది" అని ఈ రెండే అడగండి. జవాబు రాకపోతే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వారి స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు, ఆ ఈమెయిల్ నకలు అక్కడ జతచేయాలి.

పిన్ని ఆరు వరుసలూ పాస్‌బుక్‌తో పోల్చింది. ఆరుకు ఆరూ కుదిరాయి. పావలాలు ఆరూ ఒక పక్కన రాసి పెట్టుకుంది.